ఘాట్ రోడ్డు ట్రాఫిక్‌లో క్లచ్ కాలితే: వారంటీ, ఫిర్యాదు, గడువులు – తరచూ అడిగే ప్రశ్నలు

డిసెంబరు సెలవుల్లో అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్లినవారు, రద్దీ రోజుల్లో తిరుమల కొండెక్కినవారు ఇంటికి తిరిగొచ్చాక తరచూ ఒకే సంగతి అడుగుతారు. వరుసలో గంటలకొద్దీ ముందుకు, ఆగు, ముందుకు, ఆగు. కారులో కాలిన వాసన. మర్నాడు వర్క్‌షాపుకు తీసుకెళ్తే ‘మీరు నడిపిన తీరు వల్లే క్లచ్ పోయింది, వారంటీ రాదు’ అన్న జవాబు. ఆ జవాబు కొన్నిసార్లు సరైనదే, కొన్నిసార్లు కాదు. ఏది ఎప్పుడో తేల్చుకోవడానికి కింది సమాధానాలు.

వీటిలో కొన్ని మాటలను ఒకే అర్థంలో వాడాము. ‘చట్టం’ అంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019. ‘కమిషన్’ అంటే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. ‘క్లచ్ హెచ్చరిక’ అంటే క్లచ్ వేడెక్కిందని డ్యాష్‌బోర్డు మీద కనిపించే సందేశం. ‘వాడకపు అరుగుదల’ అంటే భాగం తన పని తాను చేస్తూ అరిగిపోవడం. నడిపే తీరు వల్ల అది త్వరగా అరిగినా ఇందులోకే వస్తుంది. ‘తయారీ లోపం’ అంటే విడిభాగంలో, దాని అమరికలో లేదా డిజైన్‌లో కారు మన చేతికి రాకముందే ఉన్న లోపం. ‘వారంటీ నిరాకరణ’ అంటే వారంటీ కింద ఉచితంగా బాగుచేయబోమని డీలరు లేదా తయారీ సంస్థ చెప్పడం.

1. ఘాట్ మీద ఉండగానే కాలిన వాసన వచ్చింది. అప్పుడు ఏం చేయాలి?

వెనుక వచ్చేవారికి దూరం నుంచే కనిపించే చోట, వీలైతే మలుపు దాటాక, రోడ్డు అంచుకు ఆపండి. హజార్డ్ లైట్లు వేయండి. గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి హ్యాండ్ బ్రేక్ లాగండి, క్లచ్ పెడల్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేయండి. పొగ లేకపోతే ఇంజన్‌ను అలాగే ఐడిల్‌లో ఉంచడం మేలు. ఫ్లైవీల్ తిరుగుతూ ఉంటే క్లచ్ చుట్టూ గాలి కదిలి వేడి కొంత త్వరగా దిగుతుంది. కనీసం 20, 30 నిమిషాలు ఆగండి. వాసన పోయినంత మాత్రాన లోపలి ఇనుము చల్లబడిందని కాదు. పొగ కనిపించి పెరుగుతుంటే మాత్రం ఇంజన్ ఆపి అందరినీ దింపేయాలి. ఎక్కడా నీళ్లు చల్లవద్దు.

ఆ తర్వాత బయల్దేరేటప్పుడు పెడల్ మామూలు చోటే పట్టుకుంటే, ఎక్కువ ఆక్సిలరేటర్ ఇవ్వకుండా కారు కదిలితే, నెమ్మదిగా కొండ దాటవచ్చు. ఇంజన్ చప్పుడు పెరిగినా కారు వేగం పెరగకపోతే, అంటే మెకానిక్‌లు చెప్పినట్టు క్లచ్ ‘స్లిప్’ అవుతుంటే, ఇక నడపవద్దు. టోయింగ్ వాహనం పిలిపించండి. దీనికి చట్టపరమైన కారణమూ ఉంది. స్లిప్ అవుతున్నదని తెలిసీ నడిపితే, తర్వాత జరిగిన నష్టమంతా మీ వల్లేనన్న వాదనకు మీరే ఆధారం ఇచ్చినట్టవుతుంది.

2. నా కారులో క్లచ్ హెచ్చరిక రానేలేదు. అదే ఒక లోపం కాదా?

సాధారణంగా కాదు. మన దేశంలో నడిచే మాన్యువల్ కార్లలో చాలావాటికి క్లచ్ హెచ్చరిక ఉండదు. వాటిలో కాలిన వాసనే మొదటి హెచ్చరిక. క్లచ్ హెచ్చరిక ఉన్న కార్లలోనూ అది చాలావరకు నేరుగా క్లచ్ వేడిని కొలిచి చెప్పేది కాదు. ఇంజన్ తిరిగే వేగం, కారు కదిలే వేగం, ఇంజన్ ఇచ్చే శక్తి చూసి కంప్యూటరు వేసే లెక్క అది. మీ మోడల్‌కు క్లచ్ హెచ్చరిక ఉందని ఓనర్స్ మాన్యువల్ గానీ, బ్రోచర్ గానీ స్పష్టంగా చెప్పి, అది పని చేయలేదని మీరు చూపగలిగితే మాత్రం ఆ అంశాన్ని ఫిర్యాదులో విడిగా రాయవచ్చు.

ఒక జాగ్రత్త. ఎర్ర థర్మామీటరు గుర్తు క్లచ్ హెచ్చరిక కాదు, అది ఇంజన్ కూలెంట్‌కు సంబంధించినది. దిగేటప్పుడు చక్రాల దగ్గర వచ్చే వాసన బ్రేకులది. ఈ మూడింటినీ కలగలిపి ‘కారు వేడెక్కింది’ అని రాసిన ఫిర్యాదు మొదటి విచారణలోనే బలహీనపడుతుంది.

3. ఒక్క ట్రాఫిక్ జామ్‌లోనే కొత్త క్లచ్ కాలిపోతుందా? అది సాధ్యమా?

సాధ్యమే. ఎదుటి పక్షం ముందుగా చెప్పే మాట ఇదే కనుక ఈ లెక్క మీకు తెలిసి ఉండాలి.

మనుషులతో కలిపి 1,400 కిలోల కారు అనుకుందాం. రోడ్డు ప్రతి 100 మీటర్లకు 8 మీటర్లు ఎక్కుతోంది. ఆ వాలులో కారును వెనక్కి లాగే బలం సుమారు 1,100 న్యూటన్లు. ఇప్పుడు బ్రేక్ వేయకుండా, ఇంజన్‌ను నిమిషానికి 1,200 చుట్ల దగ్గర ఉంచి, హాఫ్ క్లచ్ మీదే కారును కదలకుండా నిలబెట్టారు. క్లచ్ పూర్తిగా పట్టి ఉంటే అన్ని చుట్లకు ఫస్ట్ గేరులో కారు గంటకు సుమారు 9 కిలోమీటర్లు పోవాలి. కారు పోవడం లేదు కాబట్టి ఆ శక్తి మొత్తం క్లచ్ ప్లేట్ రాపిడిలో వేడిగా మారుతుంది. ఆ వేడి సుమారు 2,700 వాట్లు. బకెట్లో నీళ్లు కాచే 1,500 వాట్ల రాడ్లు దాదాపు రెండింటిని ఫ్లైవీల్‌కూ ప్రెషర్ ప్లేట్‌కూ మధ్య పెట్టినట్టన్నమాట. ఆ రెండూ కలిపి 10 కిలోల ఇనుము అనుకుంటే, వేడి బయటకు పోకపోతే నిమిషానికి 30 డిగ్రీలకు పైగా ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఇది సగటు మాత్రమే. రాపిడి జరిగే ఉపరితలం ఇంకా చాలా వేడెక్కుతుంది. క్లచ్ ప్లేట్ లైనింగ్‌ను పట్టి ఉంచే రెసిన్ కాలడం వల్లే ఆ ఘాటు వాసన.

హ్యాండ్ బ్రేక్ వేసి, క్లచ్ వదిలి ఆగితే ఈ వేడి సున్నా. ముందున్న కారు రెండు మూడు కార్ల దూరం కదిలాక ఒకేసారి బయల్దేరితే, అడుగడుక్కీ పాకించడం కంటే వేడి ఎన్నో రెట్లు తగ్గుతుంది. హిల్ హోల్డ్ ఉందన్న ధీమా వద్దు. అది సాధారణంగా బ్రేక్ వదిలాక రెండు సెకన్ల పాటు మాత్రమే పట్టి ఉంచుతుంది. ఒక్క జామ్‌లోనే కొత్త క్లచ్ కాలవచ్చు కాబట్టి కారు కొత్తదన్న ఒక్క కారణంతో తయారీ లోపం ఉన్నట్టు కమిషన్ భావించదు.

4. క్లచ్‌కు అసలు వారంటీ వర్తిస్తుందా?

మీ వారంటీ పుస్తకం మీద ఆధారపడి ఉంటుంది. చాలా సంస్థల వారంటీ షరతులు క్లచ్ ప్లేట్‌ను బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లతో కలిపి అరిగే భాగాల జాబితాలో పెట్టి, వాడకపు అరుగుదలను మినహాయిస్తాయి. కానీ ఆ వాక్యాన్ని చివరి వరకు చదవండి. మినహాయింపు వాడకపు అరుగుదలకేనా, క్లచ్ ప్లేట్‌కు పూర్తిగానా? ‘తయారీ లోపం ఉంటే తప్ప’ అన్న మాట ఉందా? ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, ఆయిల్ సీళ్లు ఆ జాబితాలో ఉన్నాయా? చాలా పుస్తకాల్లో ఆయిల్ సీళ్లు ఆ జాబితాలో ఉండవు. మన వాదన చాలాసార్లు నిలబడేది అక్కడే. అదనపు డబ్బు కట్టి తీసుకున్న ఎక్స్‌టెండెడ్ వారంటీ వేరే ఒప్పందం. దాని షరతులు వేరుగా ఉంటాయి, వేరుగా చదవాలి.

5. ‘మీ డ్రైవింగ్ వల్లే’ అని నోటి మాటగా చెప్పారు. అది వారంటీ నిరాకరణ అవుతుందా?

అవుతుంది, కానీ నిరూపించడం కష్టం. అందుకే రాతపూర్వకంగా అడగాలి. అడిగేటప్పుడు నాలుగు విషయాలు ఉండాలి: ఏ షరతు కింద నిరాకరిస్తున్నారు, క్లచ్‌ను విప్పి చూశారా, చూస్తే కొలతలేమిటి, ఫొటోలు ఉన్నాయా. ఈమెయిల్ సరిపోతుంది. జవాబు రాకపోయినా మీరు అడిగినట్టు రుజువు మిగులుతుంది.

జాబ్ కార్డులో మీ ఫిర్యాదు ఎలా రాశారో సంతకం పెట్టే ముందు చదవండి. ‘క్లచ్ అరిగిందని కస్టమరు చెప్పారు’ అని రాయడం వేరు, ‘ఘాట్ ట్రాఫిక్ తర్వాత కాలిన వాసన, స్లిప్’ అని రాయడం వేరు. మొదటిది నిర్ధారణ, రెండోది లక్షణం. మీరు లక్షణాలే చెప్పాలి.

6. విప్పిన క్లచ్‌లో ఏం చూడాలి? కారణం దేనివల్లనో ఎలా తెలుస్తుంది?

విప్పేటప్పుడు అక్కడ ఉంటామని ముందే రాసివ్వండి. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ ముఖాలు, క్లచ్ ప్లేట్ రెండు వైపులా, గేర్‌బాక్స్ ముందు గూడు లోపలి భాగం – వీటిని మంచి వెలుగులో ఫొటో తీయండి.

లైనింగ్ రెండు వైపులా సమంగా అరిగి, రివెట్ల తల దగ్గరికి వచ్చి, ఇనుప ముఖాల మీద నీలి మచ్చలు ఉంటే అది వేడి వల్ల జరిగింది. ఆ వేడి ఎక్కువగా హాఫ్ క్లచ్ వల్ల వస్తుంది. ఇలాంటి ప్లేటుతో తయారీ లోపం అని వాదించమని నేను సలహా ఇవ్వను. రివెట్ తల పైన ఎంత లైనింగ్ మిగలాలో సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. చాలా కార్లలో అది అర మిల్లీమీటరు, అంతకన్నా తక్కువ. కొలత రాయించుకోండి.

దానికి భిన్నంగా, లైనింగ్ మీద నూనె తడి లేదా జిగట నల్లటి పూత ఉంటే, గేర్‌బాక్స్ గూడు అడుగున నూనె జాడ ఉంటే, ఇంజన్ వెనుక ఆయిల్ సీల్ గానీ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ గానీ కారుతోందని అనుమానించాలి. నూనె పడిన ప్లేటు పట్టు కోల్పోతుంది, స్లిప్ అవుతుంది, స్లిప్ అయితే కాలుతుంది. అంటే కాలడం ఇక్కడ ఫలితమే, కారణం కాదు. అరుగుదల ఒక పక్కనే ఉండటం, డ్యాంపర్ స్ప్రింగ్ విరగడం, పెడల్ వదిలినా రిలీజ్ బేరింగ్ పూర్తిగా వెనక్కి రాకపోవడం – ఇవి కూడా డ్రైవరు కాలి వల్ల వచ్చాయని తేలిగ్గా చెప్పలేని గుర్తులు.

7. ఒక ఉదాహరణతో చెప్పగలరా?

ఇది ఊహాత్మక ఉదాహరణ. విశాఖపట్నంలో ఒకరు 2024 మార్చిలో 8.40 లక్షల రూపాయలకు పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ కొన్నారు. వారంటీ 3 ఏళ్లు లేదా 1 లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. 2025 డిసెంబరు 28, ఆదివారం నాడు శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్‌లో నాలుగు గంటలు ఆగుతూ సాగుతూ వెళ్లారు. మీటరు 16,400 కిలోమీటర్లు. కాలిన వాసన వచ్చింది, అరగంట ఆగి అరకు చేరారు. మర్నాడు దిగాక నాలుగో గేరులో ఆక్సిలరేటర్ తొక్కితే చప్పుడు పెరిగింది, వేగం పెరగలేదు.

వర్క్‌షాపు జనవరి 6, 2026న ఈమెయిల్‌లో వారంటీ నిరాకరణ తెలిపింది. కారణం: ‘తప్పుడు డ్రైవింగ్ అలవాటు’. దాంతో పాటు 14,500 రూపాయల ఎస్టిమేట్ పంపింది. ఆయన ఎస్టిమేట్ చదివితే క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ తర్వాత నాలుగో వరుసలో ‘ఇంజన్ వెనుక ఆయిల్ సీల్ – 1’ అని ఉంది. నిరాకరణ లేఖలో ఆ సీల్ మాటే లేదు.

డ్రైవింగ్ అలవాటు వల్ల ఆయిల్ సీల్ కారదు. సీల్ ఎందుకు మారుస్తున్నారన్న ప్రశ్నకు రెండే జవాబులు ఉంటాయి. ఎలాగూ గేర్‌బాక్స్ దించాం కనుక ముందుజాగ్రత్తగా అనడం ఒకటి. ఇది నిజమూ కావచ్చు, చాలా వర్క్‌షాపులు అలాగే చేస్తాయి. లేదా కారుతోంది అనడం. రెండోదైతే వారంటీ నిరాకరణ నిలబడటం కష్టం. ఆయన చేయాల్సింది ఆ ఒక్క ప్రశ్నను ఈమెయిల్‌లో అడగడం, మరమ్మతుకు అనుమతి ఇచ్చేముందు ప్లేటూ సీలూ ఫొటోలు తీయడం, పాత భాగాలు తనకే ఇవ్వాలని రాయడం. లైనింగ్ పొడిగా ఉండి, నీలి మచ్చలతో సమంగా అరిగి ఉంటే అక్కడితో ఆగి డబ్బు కట్టడమే మంచిది. కమిషన్‌కు వెళ్లి ఓడిపోయే కేసుకు 14,500 కంటే ఎక్కువే ఖర్చవుతుంది.

8. బేరం కుదుర్చుకుందామని, భాగాలు ఉచితం, కూలీ మీరివ్వండి అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవచ్చు. దీన్ని వాళ్లు ‘గుడ్‌విల్’ అంటారు. సంతకం పెట్టే కాగితంలో ‘పూర్తి, తుది పరిష్కారం’ అన్న మాట ఉంటే ఆ విషయంపై తర్వాత ఫిర్యాదు చేయడం కష్టమవుతుంది. నెల తిరక్కుండా మళ్లీ స్లిప్ మొదలైతే ఆ కాగితమే అడ్డుపడుతుంది. అందువల్ల కొత్త భాగాలకు ఎంత కాలం వారంటీ ఉందో అదే కాగితంలో రాయించుకున్నాకే సంతకం చేయండి.

9. కమిషన్‌కు ఎక్కడ, ఎంత రుసుముతో, ఎప్పటిలోగా ఫిర్యాదు చేయాలి?

ఎక్కడ: కారుకు మీరు చెల్లించిన ధర 50 లక్షల రూపాయలకు మించకపోతే కమిషన్‌కే. పైనున్న ఉదాహరణలో 14,500 రూపాయల బిల్లు కాదు, 8.40 లక్షల ధరే లెక్క. చట్టంలోని సెక్షన్ 34 ప్రకారం ఎదుటి పక్షం ఉండే చోట, వివాదం తలెత్తిన చోటే కాక, మీరు నివసించే లేదా ఉద్యోగం చేసే జిల్లాలో కూడా దాఖలు చేయవచ్చు. కారు హైదరాబాదులో కొని విశాఖలో ఉంటున్నవారు విశాఖలోనే దాఖలు చేయవచ్చు.

రుసుము: చెల్లించిన ధర 5 లక్షల వరకు ఉంటే ఏమీ లేదు. 5 లక్షలు దాటి 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000.

ఎప్పటిలోగా: సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం ఏర్పడిన తేదీ నుంచి 2 ఏళ్లు. ఆ తేదీ ఏది? మనం వారంటీ నిరాకరణ తేదీ అంటాం. ఎదుటి పక్షం లోపం బయటపడిన తేదీ అనవచ్చు. వాదన ఎలా తేలుతుందో ముందే చెప్పలేం కనుక ముందున్న తేదీనే లెక్కపెట్టుకోండి. ఉదాహరణలో జనవరి 2028 కాదు, 2027 డిసెంబరు 27లోపు. గడువు దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి క్షమించమని కోరవచ్చు, కానీ అది కమిషన్ విచక్షణ. ఫోన్లు, ఈమెయిళ్లు, హెల్ప్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదులు ఈ గడువును ఆపవు.

10. ముందుగా లాయరు నోటీసు ఇవ్వడం తప్పనిసరా? 1915కు ఫోన్ చేస్తే సరిపోతుందా?

చట్టం నోటీసును తప్పనిసరి చేయలేదు. అయినా తయారీ సంస్థకూ డీలరుకూ 15 రోజుల గడువుతో ఒక నోటీసు ఇవ్వడం ఆచరణలో మంచిది. వాళ్లిచ్చే జవాబులో వారంటీ నిరాకరణకు కారణాలు కాగితం మీదికి వస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఫిర్యాదును సంస్థకు పంపి రాజీకి ప్రయత్నిస్తుంది, తీర్పు ఇవ్వదు.

11. ఫిర్యాదులో ఏం ఉండాలి? నిపుణుడి నివేదిక అవసరమా?

డీలరునూ తయారీ సంస్థనూ ఇద్దరినీ ఎదుటి పక్షాలుగా చేర్చండి. ఒకరు మరొకరి మీదికి నెట్టే అవకాశం తగ్గుతుంది. ఇన్‌వాయిస్, వారంటీ పుస్తకం, సర్వీస్ చరిత్ర, జాబ్ కార్డు, ఎస్టిమేట్, నిరాకరణ ఈమెయిల్, ఫొటోలు జతచేయండి. క్లచ్ హెచ్చరిక కనిపించి ఉంటే, డ్యాష్‌బోర్డు ఫొటోలో కిలోమీటర్ల అంకె కూడా పడాలి. ఫోన్‌లోని అసలు ఫైలును తొలగించవద్దు. డిజిటల్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 కోరే ధ్రువపత్రాన్ని కూడా దాఖలు చేస్తే అభ్యంతరాలు తగ్గుతాయి.

తయారీ లోపాన్ని నిరూపించే భారం ప్రధానంగా ఫిర్యాదుదారుపైనే ఉంటుంది. ఇక్కడే ఎక్కువ మంది జారిపోతారు. మీ మాట ఒక్కటే, జాబ్ కార్డు ఒక్కటే సాధారణంగా సరిపోవు. మెకానికల్ ఇంజనీరు ప్లేటును పరిశీలించి అఫిడవిట్‌తో నివేదిక ఇస్తే బలం. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే సెక్షన్ 38 కింద భాగాన్ని తగిన ప్రయోగశాలకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. ఆ రుసుమును ముందుగా మీరే డిపాజిట్ చేయాల్సి రావచ్చు. ప్రయోగశాల 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, కమిషన్ ఆ గడువును పొడిగించవచ్చు. పరీక్షకు పంపాలంటే భాగం ఉండాలి కదా. వర్క్‌షాపు తుక్కులో పడేసిన ప్లేటును ఏ ప్రయోగశాలా పరీక్షించలేదు.

ఫిర్యాదు అందాక ఎదుటి పక్షం తన జవాబును 30 రోజుల్లో ఇవ్వాలి. కమిషన్ మరో 15 రోజులు ఇవ్వవచ్చు, అంతకు మించి కాదు. ఈ 45 రోజుల హద్దు తప్పనిసరి అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో స్పష్టం చేసింది. విచారణ 3 నెలల్లో, పరీక్ష అవసరమైతే 5 నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. వాస్తవంలో ఇంతకన్నా ఎక్కువ పడుతుందని ముందే తెలుసుకుని మొదలుపెట్టండి.

12. కొత్త కారే ఇమ్మని అడగవచ్చా?

అడగవచ్చు. క్లచ్ విషయంలో దొరికే అవకాశం చాలా తక్కువ. వారంటీ షరతు లోపమున్న భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో పరిమితమైనప్పుడు కారు మొత్తాన్ని మార్చమని ఆదేశించడం సరికాదని సుప్రీంకోర్టు 2006లో ఒక కారు కేసులో చెప్పింది. కోరదగిన ఉపశమనాలు: క్లచ్ సెట్, కారణమైన భాగం ఉచితంగా మార్చడం లేదా మీరు కట్టిన బిల్లు తిరిగి ఇప్పించడం, టోయింగ్ ఖర్చు, సహేతుకమైన పరిహారం, కేసు ఖర్చులు.

‘ప్రొడక్ట్ లయబిలిటీ’ కింద వేయమని కొందరు సలహా ఇస్తారు. ఆ అధ్యాయంలో ‘హాని’ అన్న మాటకిచ్చిన నిర్వచనం నుంచి, ఆ వస్తువుకే జరిగిన నష్టాన్ని చట్టం మినహాయించింది. క్లచ్ కాలడం కారుకు జరిగిన నష్టమే. ఎవరికైనా గాయమైతేనో, వేరే ఆస్తికి నష్టం జరిగితేనో తప్ప ఆ దారి మీకు పనికిరాదు.

13. నాది టాక్సీ. నేను వినియోగదారుడినేనా?

వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారు వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో కేవలం జీవనోపాధి కోసం కొని మీరే వాడుకుంటే మినహాయింపు ఉంది. ఒక్క కారు కొని మీరే నడుపుతుంటే ఆ విషయాన్ని ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి. జీతానికి డ్రైవర్లను పెట్టి పది కార్లు తిప్పేవారికి ఈ మినహాయింపు దొరకదు.

14. అద్దెకు తీసుకున్న సెల్ఫ్ డ్రైవ్ కారు క్లచ్ కాలింది. మొత్తం నన్నే కట్టమంటున్నారు.

ముందు ఒప్పందం చూడండి. క్లచ్ నష్టం అద్దెదారుదేనన్న షరతు తరచూ ఉంటుంది. అప్పటికే 60,000 కిలోమీటర్లు తిరిగిన ప్లేటుకు కొత్త ప్లేటు ధర మొత్తం అడగడం న్యాయం కాదని, మిగిలిన ఆయుష్షుకే లెక్క కట్టాలని వాదించవచ్చు. పాత ప్లేటునూ బిల్లునూ చూపమనండి. ఆ షరతే అన్యాయమైన ఒప్పందమని సవాలు చేయాలంటే మాత్రం ఫిర్యాదు జిల్లా కమిషన్‌కు కాదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

15. బీమా వస్తుందా?

సాధారణ మోటారు పాలసీలో సొంత నష్టం కవరేజీ నుంచి అరుగుదల, యాంత్రిక వైఫల్యం మినహాయింపు. కాబట్టి కాలిన క్లచ్‌కు రాదు. కారుకు మంటలంటుకుంటే అది అగ్ని ప్రమాదం, వేరే సంగతి. టోయింగ్ కోసం రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే దాన్ని వాడుకోండి. ఘాట్ రోడ్డు దానికి వర్తిస్తుందో లేదో ముందే చూసుకోవాలి.

16. ఘాట్ మీద కారు ఆగిపోయి దారికి అడ్డమైతే పోలీసులు జరిమానా వేయవచ్చా?

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 201 ప్రకారం రాకపోకలకు అడ్డంగా వాహనం ఉంచితే 500 రూపాయల వరకు జరిమానా ఉంది. సెక్షన్ 127 కింద ప్రమాదకరంగా నిలిచిన వాహనాన్ని వెంటనే తొలగించవచ్చు, ఆ టోయింగ్ ఖర్చు యజమానిదే. కారును వదిలి వెళ్లిపోకుండా, హజార్డ్ లైట్లూ త్రిభుజం గుర్తూ పెట్టి, టోయింగ్‌కు ఫోన్ చేసిన సమయం చూపగలిగితే చాలామటుకు మాటతో సరిపోతుంది. ఇంకొక నియమం చాలామందికి గుర్తుండదు. రెండు వాహనాలు ఒకేసారి దాటలేని ఇరుకు ఘాట్‌లో దిగే వాహనమే ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలి. దిగేవారు ఆ నియమం పాటిస్తే ఎక్కేవారి క్లచ్‌కు సగం బాధ తప్పుతుంది.

17. కమిషన్ తీర్పు నాకు వ్యతిరేకంగా వస్తే?

తీర్పు తేదీ నుంచి 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. డబ్బు చెల్లించమని ఆదేశం వచ్చిన పక్షం అప్పీలుకు వెళ్తే ఆ మొత్తంలో సగం ముందుగా డిపాజిట్ చేయాలి.

18. పాత ప్లేటును ఎన్నాళ్లు దాచాలి?

అప్పీలు గడువు ముగిసేవరకు. తీసిన రోజే పొడి గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి, తేదీ, కారు నంబరు, కిలోమీటర్లు, విప్పినవారి పేరు రాసి అంటించండి. ఆయిల్ సీల్‌ను విడి సంచిలో ఉంచండి. వారంటీ కింద మార్చినప్పుడు పాత భాగం సంస్థకు వెళ్లడం మామూలే. మీరు డబ్బు కట్టి మార్పించినప్పుడు మాత్రం దాన్ని వదలవద్దు. ఇంట్లో మురికిగా ఉందని ఎవరైనా పెట్రోలుతో తుడిచి పెడతారేమో, ముందే చెప్పి ఉంచండి. ఆ మురికిలో ఉన్న నూనే మీ సాక్ష్యం.